బంగారం "ఇంకా చవకే" అని ఏ లెక్కన?

సంపాదకులు గారికి,

మీ బిజినెస్ పేజీలో 2025లో "బంగారం ఇంకా చవకే" అన్న వార్త వచ్చి చాలా రోజులైంది. పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరం, ఆ వెనకే దీపావళి, ఇంటినిండా చుట్టాలు. పోనీలే అని ఊరుకుందామనుకున్నాను. కానీ ఆ ఏడాది దీపావళి తర్వాత విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక నగల దుకాణానికి వెళితే, మీ వార్త కత్తిరించి, లామినేషన్ చేయించి, రేటు బోర్డు పక్కన వేలాడదీశారు. బోర్డు మీద 24 క్యారెట్ల పది గ్రాములు లక్షా ముప్పై వేలకు దగ్గరగా ఉంది. ఎదురుగా పెళ్లి కొనుగోలుకు వచ్చిన తల్లీకూతుళ్లు. సేల్స్‌మన్ ఆ కాగితం మీద వేలు పెట్టి "పేపరోళ్లే రాశారమ్మా, 1980 లెక్కన చూస్తే ఇదేం పెద్ద రేటు కాదు" అంటున్నాడు. ఇక రాయక తప్పలేదు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ సంతల్లో, కిరాణా కొట్లలో ధరలు రాసుకుని పైకి పంపడమే నా పని. ద్రవ్యోల్బణం లెక్కలు ఎలా పుడతాయో కాస్త తెలుసు. పాత ధరను నేటి ధరతో నేరుగా పోల్చకూడదని మీ విలేకరి గుర్తించారు, అంతవరకు సంతోషం. దారి మంచిదే, మధ్యలో బండి పక్క ఊరికి మళ్లించేశారు.

వార్తలో లెక్క ఇదీ. 1980 జనవరి 21న లండన్‌లో ఔన్సు బంగారం 850 డాలర్లు పలికింది. అప్పటి నుంచి అమెరికాలో ధరలు నాలుగు రెట్లకు కాస్త పైన పెరిగాయి కాబట్టి, ఆ 850 అంటే 2025లో సుమారు 3,550 డాలర్లతో సమానం. ఇక్కడిదాకా పేచీ లేదు. ఆ తర్వాత దాన్ని 2025 నాటి డాలరు మారకం 88 రూపాయలతో గుణించి, ఔన్సుకు 31.1 గ్రాముల చొప్పున భాగించి, పది గ్రాములకు లక్ష రూపాయలు తేల్చారు. పాత రికార్డే లక్ష అయినప్పుడు 2025 ధర ఓ మోస్తరేనట!

అమెరికాలో పాలు, పెట్రోలు, ఇంటద్దె పెరిగిన లెక్కను తెచ్చి విజయనగరంలో కొనేవాళ్ల నెత్తిన పెట్టడం ఏమిటండీ? ముందు ఆనాటి ధరను ఆనాటి రూపాయల్లోకి మార్చాలి, ఆ తర్వాత మన దేశపు ధరల సూచీతో పెంచాలి. 1980 మొదట్లో డాలరు సుమారు 8 రూపాయలు. ఆ లెక్కన 850 డాలర్లంటే పది గ్రాములకు దాదాపు 2,200 రూపాయలు. అప్పటి నుంచి మన దగ్గర ధరలు పాతిక రెట్ల వరకు పెరిగాయి. గుణిస్తే 55 వేలు వస్తుంది. మీరు రాసిన లక్ష ఎక్కడ, ఈ 55 వేలు ఎక్కడ! ఈ తేడా ఎందుకొచ్చిందంటే, 2025 దాకా నలభై అయిదేళ్లలో డాలరు పదకొండు రెట్లు పెరిగింది. అమెరికా ధరల నాలుగు రెట్ల పైచిలుకును దానితో గుణిస్తే నలభై అయిదు రెట్లు దాటుతుంది. మన ధరలు అంత పెరగలేదు. రూపాయి పడిపోయిన మేరకు వచ్చిన పెరుగుదలను కూడా మీరు ద్రవ్యోల్బణం ఖాతాలో రాసేసి, బంగారాన్ని చవక చేసేశారు.

పైగా 850 అన్నది ఆ ఒక్క రోజు పలికిన ధర. ఆ ఏడాది సగటు 615 డాలర్ల దగ్గరే ఉంది. శిఖరంతో పోలిస్తే నేటి ధర పొట్టిగా కనిపిస్తుంది, సగటుతో పోలిస్తే పొడుగ్గా కనిపిస్తుంది. దేనితో పోల్చారో చెప్పాలి కదా. ఇంకో మాట. 1980లో మన దేశంలో 1968 నాటి బంగారం నియంత్రణ చట్టం నడుస్తోంది, మామూలు మనిషి బిస్కెట్ బంగారం ఇంట్లో ఉంచుకోవడమే నేరం. ఆ చట్టం రద్దయింది 1990లో. అలాంటి రోజుల లండన్ ధర మనకు ఏపాటి కొలమానం?

మనకు పనికొచ్చే పోలిక కావాలంటే అంత వెనక్కి పోనక్కర్లేదు. 2012 తీసుకోండి. ఆ ఏడాది పది గ్రాముల సగటు ధర సుమారు 31,000. కేంద్ర గణాంక శాఖ 2025 దాకా ఇచ్చిన వినియోగదారుల ధరల సూచీ ఆ ఏడాది ధరలనే 100గా పట్టింది. కాబట్టి కాగితం, పెన్సిలు ఉంటే చాలు. 2019 ఆగస్టులో ధర 39 వేలకు చేరినప్పుడు పత్రికలన్నీ "ఆల్‌టైమ్ రికార్డు" అని పండగ చేసుకున్నాయి. అప్పటికి సూచీ 145. అంటే 2012 నాటి 31 వేలు ఆనాటి 45 వేలతో సమానం. ఆ రికార్డు అంకెల్లోనే గానీ, నిజానికి బంగారం విలువ 2012 కన్నా తక్కువే. అదే 2020 ఆగస్టులో ధర 56 వేల దాకా పోయింది, సూచీ 155 దగ్గర ఉంది, సరిపోలాల్సిన మొత్తం 48 వేలు. అది నిజమైన రికార్డు. 2025 చివర్లో సూచీ 197. 2012 ధర ఆ లెక్కన 61 వేలు అవుతుంది. బోర్డు మీద ఉన్నది దానికి రెట్టింపు పైన. రికార్డు కానిదాన్ని రికార్డన్నారు, రికార్డు అయినప్పుడు చవక అంటున్నారు. వరసే తిరగబడింది!

ఇలా చూసినా రేపు ధర తగ్గుతుందో పెరుగుతుందో ఈ లెక్క చెప్పదు. అదే బంగారం అమ్మితే బియ్యం, నూనె, స్కూలు ఫీజు అప్పటికన్నా ఎక్కువ కొనగలమా తక్కువా అన్నది మాత్రమే చెబుతుంది. ఆ సూచీ కూడా దేశం మొత్తానికి సగటు. అందులో బంగారానిది సుమారు ఒక శాతం బరువు కాబట్టి, బంగారం పెరిగితే కొలబద్ద కూడా కాస్త సాగుతుంది.

పత్రికలనే ఎందుకు అనాలి? ద్రవ్యోల్బణం మాటెత్తితే ప్రభుత్వాలదీ ఇదే తీరు. ఉద్యోగులకు, పెన్షనర్లకు డీఏ అంటే ధరల సూచీ చూసి ఇచ్చేదే. లెక్క కట్టడం సకాలంలో అయిపోతుంది, ఇవ్వడం మాత్రం వాయిదాల మీద వాయిదాలు. బంగారం అమ్మిన లాభం మీద పన్నులో ద్రవ్యోల్బణాన్ని మినహాయించే ఇండెక్సేషన్ ఉండేది, 2024 జూలై 23 నుంచి అదీ తీసేశారు. ఇప్పుడు రెండేళ్లు దాటి ఉంచుకుని అమ్మితే నేరుగా 12.5 శాతం. రేటు ఇలా ఎగిరిన ఏడాది అమ్మినవాడికి పాత 20 శాతం కన్నా ఇదే తక్కువ పడొచ్చు, కాదనను. కానీ ధర ద్రవ్యోల్బణంతో సమానంగా మాత్రమే పెరిగిన కాలానికి, అసలు లాభమే రాని మనిషి చేత కూడా పన్ను కట్టిస్తారు. అంతకుముందు కొన్న ఇళ్లు, స్థలాలకైతే పాత పద్ధతి ఎంచుకునే వీలు ఇచ్చారు. కూతురి పెళ్లికని పేరబెట్టిన నాలుగు కాసులకు ఆపాటి మర్యాద కూడా లేదు.

మీ బిజినెస్ పేజీ వారికి నా మనవి ఒక్కటే. ఇకమీదట "రికార్డు" అని రాసినప్పుడల్లా ఏ ఏడాదితో, ఏ దేశపు సూచీతో, సగటుతోనా శిఖరంతోనా అన్నది ఒక్క వాక్యంలో చెప్పండి. సూచీ ప్రతి నెలా వస్తుంది, డబ్బు కట్టనక్కర్లేదు. ఆ "ఇంకా చవకే" వార్తకు సవరణ కూడా వేయండి, అంతే పెద్ద అక్షరాల్లో. దాన్ని ఆ దుకాణదారు లామినేషన్ చేయిస్తాడన్న భ్రమ నాకేమీ లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉద్యోగి,
తోటపాలెం, విజయనగరం