అలవాటైపోయిందన్నావు కదా బావా

విజయనగరం,
మంగళవారం రాత్రి

ఒరేయ్ బావా,

నిన్న అత్తయ్య ఫోన్ చేసింది. నువ్వు పది రోజులుగా సరిగ్గా తినట్లేదట, పొద్దున్న షిఫ్ట్ దిగి పడుకున్నా గంటకోసారి లేస్తున్నావట, మొన్న కుక్కర్ విజిల్ వేస్తే గట్టిగా అరిచావట. నిన్ను అడిగితే మాత్రం "ఏటీ లేదురా, మొదట్లో కష్టంగా ఉండేది, ఇప్పుడు అలవాటైపోయింది" అన్నావు. ఆ మాట విన్నాకే ఉత్తరం రాద్దామని కూర్చున్నా, ఎందుకంటే నేనూ అచ్చం అదే మాట అన్నాను, విశాఖలో నీ పనే, జనం నెట్‌లో పెట్టే ఘోరమైన వీడియోలు చూసి ఉంచాలా తీసెయ్యాలా తేల్చే రివ్యూ టీమ్‌లో చేరిన రెండో నెలలో, మా అమ్మతో.

నా సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. ఓ ఆదివారం ఇంటికి వచ్చాను, మేనకోడలు గుమ్మంలో జారి పడి ఏడుస్తోంది. నాకు జాలి వెయ్యలేదు, భయం వెయ్యలేదు, లేపాలని కూడా అనిపించలేదు, ఆ ఏడుపు ఆగితే చాలనిపించి చెప్పులేసుకుని అయ్యకోనేరు గట్టు మీదకి వెళ్ళి కూర్చున్నాను. గంట తర్వాత గానీ తట్టలేదు నేనేం చేశానో. అలవాటు పడటం అంటే పని దగ్గర చెయ్యి వణకకుండా ఉండటం, ఇంటికొచ్చాక మామూలుగా నవ్వడం, విసుక్కోవడం, అన్నం రుచి తెలియడం. పని దగ్గరా ఏమీ అనిపించక, ఇంట్లోనూ ఏమీ అనిపించకపోతే అది మొద్దుబారడం. ఈ రెండూ లోపలి నుంచి చూస్తే ఒకేలా ఉంటాయి బావా, అందుకే నీకు తెలియట్లేదు, అత్తయ్యకి తెలిసింది.

ఇది నీ మనసు బలహీనత అనుకోకు. అమెరికా మానసిక వైద్యులు వాడే డీఎస్ఎమ్ అనే పుస్తకం ఐదో కూర్పు 2013లో వచ్చింది. ఘోరాలని తెర మీద చూడటం మామూలుగా పీటీఎస్‌డీ అనే, ఘోరం చూశాక మనసుని వెంటాడే జబ్బుకి కారణాల కింద రాదనీ, కానీ ఉద్యోగంలో భాగంగా మళ్ళీమళ్ళీ చూడాల్సి వస్తే వస్తుందనీ అందులో విడిగా రాశారు. అంటే నీలాంటి, నాలాంటి వాళ్ళ పని లెక్కలోకి వచ్చింది.

ఆ ఆదివారం తర్వాత ఓ పాత డైరీలో రోజూ మూడు సంగతులు రాయడం మొదలుపెట్టాను. ఎన్ని గంటలు పడుకున్నాను, షిఫ్ట్ మొదట్లోనూ చివర్లోనూ మనసు బరువు పదికి ఎంత, ఇంటికొచ్చాక ఏది వెంటాడింది. వెంటాడినది ఒక్క మాటలోనే, బొమ్మ కట్టేలా రాయకూడదు. మూడు వారాలు రాశాక తిరగేస్తే నేననుకున్నదానికి వేరుగా ఉంది. ఎక్కువ ఫైళ్ళు చూసిన రోజులు చెడ్డ రోజులనుకునేవాణ్ణి. తీరా చూస్తే నాలుగు గంటలే నిద్రపోయిన రోజుల్లో చాలావాటికి మూడు పోలికలున్నాయి: హెడ్‌ఫోన్‌లో సౌండ్ పెట్టుకుని చూశాను, లేదా ఏం రాబోతోందో తెలియకుండా ప్లే నొక్కాను, లేదా లాగౌట్‌కి ముందు చూసిన ఆఖరి వీడియోనే ఆ రోజుకి అన్నిటికన్నా ఘోరమైనది. సంఖ్యని నేను మార్చలేను, టార్గెట్ ఉంది. ఈ మూడూ మాత్రం చాలావరకు మార్చగలిగాను.

ముందు సౌండ్ గురించి. కళ్ళకి రెప్పలున్నాయి, చెవులకి లేవు. బొమ్మ నుంచి చూపు తిప్పుకోవచ్చు, అరుపు నుంచి తిప్పుకోలేం, నీకు కుక్కర్ విజిల్ అలా తగలడానికి కారణం కూడా ఇక్కడే ఉందని నా అనుమానం. మ్యూట్‌లోనే మొదలుపెట్టు. బెదిరింపు మాటలున్నాయా, ఏ భాష మాట్లాడారు అని నిర్ధారించడానికి వినక తప్పనప్పుడు తెర మీద వీడియో కిటికీని కిందకి దించేసి మాటలు మాత్రమే విను, అదీ కావలసిన ముక్క వరకే. బొమ్మా శబ్దమూ ఒకేసారి లోపలికి వెళ్ళనివ్వకు. తెరని నలుపు తెలుపులోకి మార్చు, రక్తం ఎరుపు కనబడకపోతేనే చాలా తేడా. వీడియో కిటికీని చిన్నది చెయ్యి. ముఖం చూడనవసరం లేని కేసైతే ఆ చోట పసుపు స్టిక్కీ కాగితం అంటించు, నేను మానిటర్ అంచున ఎప్పుడూ రెండు ఉంచుకునేవాణ్ణి. ఇవన్నీ అడగడానికి మొహమాటపడకు. 2020లో ఫేస్‌బుక్ అమెరికాలో మన పనే చేసే తన మోడరేటర్ల కేసులో 5.2 కోట్ల డాలర్లకి రాజీకి వచ్చినప్పుడు, వీడియోలు మ్యూట్‌లో, నలుపు తెలుపులో చూసే ఏర్పాటు చేస్తామన్నది కూడా అందులో ఉంది. కాబట్టి మీ టీమ్ లీడ్‌ని నువ్వు అడిగేది గొంతెమ్మ కోరికేం కాదు.

తెలియకుండా మీద పడటం రెండోది. ప్లే నొక్కే ముందు రిపోర్ట్ కారణం చదువు, తర్వాత చిన్న బొమ్మల వరస మీద కర్సర్ జరిపి ఎక్కడేముందో చూడు. ఒక్క అర నిమిషం ముందే "ఇందులో ఇది ఉంటుంది" అనుకుని చూసినదానికీ, హఠాత్తుగా కళ్ళ ముందు పడినదానికీ ఇంటికొచ్చాక ఎంత తేడానో నా డైరీలో కనబడింది. నిర్ణయం పదో సెకనులోనే తేలిపోతే మిగతాది చూడకు. చివరి దాకా చూడకపోతే పనిలో మోసం చేసినట్టని నువ్వు అనుకుంటావు, నీ సంగతి నాకు తెలుసు, కానీ రూల్ ప్రకారం చివరి దాకా చూసి తీరాల్సిన రకాలు ఏవో లీడ్‌ని అడిగి రాయించుకో, మిగతావాటికి అక్కర్లేదు.

ఇక ఆఖరి గంట. దీని మీదే నేను ఎక్కువ గొడవపడ్డాను. మా దగ్గర రొటేషన్ ఉందనే చెప్పేవారు, కానీ హింస వీడియోలు వరసగా వచ్చే క్యూ నుంచి ఆత్మహత్యల క్యూకి, అక్కణ్ణించి పిల్లల మీద అఘాయిత్యాల క్యూకి మార్చేవారు. అది ఒక భుజం మీద బస్తా రెండో భుజం మీదకి మార్చుకోవడమే. డైరీలో అంకెలు లీడ్‌కి చూపించి, ఎనిమిది గంటల్లో బరువైన క్యూ నాలుగు గంటలకి మించకుండా, అదీ ముప్పావు గంట పని, పావుగంట విరామం చొప్పున వచ్చేలా, మధ్యలో స్పామ్, దొంగ ప్రకటనల క్యూలు పడేలా అడిగాను. ఆఖరి నలభై నిమిషాలు ఎలాగైనా స్పామే. మొదటి వారం టార్గెట్ కొంచెం తగ్గింది, లీడ్ ముఖం మాడ్చుకున్నాడు. మూడో వారానికి తప్పు నిర్ణయాలు తగ్గి, వెనక్కి వచ్చే ఫైళ్ళు తగ్గాయి, దాంతో ఆయనే మిగతా ఏడుగురికీ అలాగే వేశాడు. నా నిద్ర నాలుగు నుంచి ఆరు గంటలకి రావడానికి రెండు వారాలు పట్టింది, మర్నాడే ఏదో మారిపోతుందని చూడకు.

విరామం అంటే ఫోన్‌లో రీల్స్ చూడటం అనుకునేవాళ్ళం. కళ్ళు మళ్ళీ తెర మీదే, వేలు మళ్ళీ జరుపుతూనే, శరీరానికి పని ఆగినట్టే తెలియదు. లేచి నడువు, మొహం కడుక్కో, మేడ మీదకి వెళ్ళి దూరంగా ఉన్నదేదైనా చూడు. నువ్వు ఇంటి నుంచి చేస్తున్నావు కాబట్టి ఇంకొకటి తప్పనిసరి: పడుకునే గదిలో పని పెట్టుకోకు. వేరే గది లేకపోతే షిఫ్ట్ అయ్యాక లాప్‌టాప్ మూసి, దాని మీద దుప్పటి కప్పి, బట్టలు మార్చుకుని, నాగావళి వంతెన దాకా నడిచొచ్చి అప్పుడు పడుకో.

షిఫ్ట్ దిగాక ఏదైనా బొమ్మ కళ్ళ ముందు తిరుగుతుంటే ఒక పని చెయ్యి. 2009లో ఆక్స్‌ఫర్డ్‌లో ఎమిలీ హోమ్స్ అనే మానసిక శాస్త్రవేత్త బృందం కొందరికి ఘోరమైన దృశ్యాలు చూపించి, అరగంట తర్వాత సగం మందితో టెట్రిస్ ఆడించింది. ఆడినవాళ్ళకి ఆ వారంలో ఆ దృశ్యాలు తమంతట తాము గుర్తుకు రావడం తగ్గింది. ముక్కలు తిప్పి అమర్చే పని మనసులో బొమ్మలు కట్టే చోటునే ఆక్రమించుకుంటుందని వాళ్ళ వివరణ. నేనైతే అమ్మ పక్కన కూర్చుని కాగితం మీద పదిహేను చుక్కల మెలికల ముగ్గు వేసేవాణ్ణి. ముగ్గు మీద ఎవరూ పరీక్ష చేశారని చెప్పను, నాకు పనికొచ్చింది. ఎప్పుడో పాతుకుపోయిన జ్ఞాపకాన్ని ఇలాంటివి తీసెయ్యవు, దానికి వైద్యం వేరే.

మాట్లాడటం గురించి ఒక్కటి చెప్పాలి. మా పాత లీడ్ ఒకాయన మంచి ఉద్దేశంతోనే షిఫ్ట్ చివర అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి "ఇవాళ ఏం చూశారో చెప్పండి" అనేవాడు. నేను చూడనివి కూడా నా తలలోకి వచ్చేవి, ఆ రాత్రులు అస్సలు నిద్ర ఉండేది కాదు. ఆ తర్వాత నేనూ ఇంకో కుర్రాడూ జంటగా ఉండి వేరే పద్ధతి పెట్టుకున్నాం: చూసినది చెప్పకూడదు, అది నన్నేం చేసిందో చెప్పాలి. "ఇవాళ మూడుతో మొదలై ఏడుతో దిగుతున్నా, కడుపులో తిప్పుతోంది" అంతే. తేడా మూడు దాటితే మర్నాడు తేలిక క్యూ అడగాలని ఒప్పందం, అడగడానికి మొహమాటపడితే రెండోవాడు అడుగుతాడు. మీ టీమ్‌లో ఒకణ్ణి చూసుకో. దొరికే వరకు నేనున్నాను, పొద్దున్న షిఫ్ట్ దిగగానే రెండు అంకెలు మెసేజ్ పెట్టు, ఇంకేం రాయక్కర్లేదు.

ఇవన్నీ చేసినా నెలకి మించి నిద్ర పట్టకపోయినా, ఆ దృశ్యాలు మెలకువలో వచ్చి పడుతున్నా, మందు తాగితే గానీ కన్ను మూతపడట్లేదన్నా, క్యూ మార్చుకుంటే సరిపోదు. 14416 టెలి మానస్ నంబరు, ప్రభుత్వానిది, డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళైనా చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. మీ ఊళ్ళో రిమ్స్ ఆసుపత్రిలో మానసిక వైద్యం ఓపీ ఉంది. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా మాత్రం నెలా రోజులా అని లెక్కపెట్టకుండా అప్పుడే నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే, బండేసుకుని వచ్చేస్తా.

ఆదివారం పొద్దున్న ట్రైన్‌కి ఆమదాలవలసలో దిగుతాను. శనివారం రాత్రి షిఫ్ట్ వద్దని ఇవాళే మీ లీడ్‌కి చెప్పు. ఓ కొత్త నోట్‌బుక్ తెస్తున్నా, గీతలు గీసి మూడు గళ్ళు నేనే కట్టి ఉంచాను. అత్తయ్యతో చెప్పు, కుక్కర్ బదులు ఆ రోజుకి గిన్నెలోనే అన్నం వార్చమని.

నీ
బావ