ఫోన్ డబ్బా మీద చెవి మిషన్ ఊసేదీ?

సంపాదకుల వారికి,

అయ్యా, మొన్న కొత్త ఫోన్ కొందామని మా కాకినాడలోనే ఒక షాపుకెళ్లి, "బాబూ, ఇది చెవి మిషన్‌తో పనిచేస్తుందా?" అని అడిగాను. కౌంటర్లో కుర్రాడు మంచివాడే. వెంటనే ఒక పాట పెట్టి సౌండు చివరిదాకా పెంచాడు. షాపులో జనమంతా మా వైపు తిరిగారు. "చూడండి అంకుల్, ఇంతకన్నా సౌండు ఏ ఫోన్లోనూ రాదు" అన్నాడు. అతను వినిపించింది ఫోన్ అడుగున ఉండే స్పీకర్. నేను అడిగింది పైన, చెవికి ఆనించుకునే ఇయర్‌పీస్ గురించి. ఆ తేడా చెప్పినా, డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి, "అలాంటిదేం రాయలేదంకుల్" అన్నాడు. నిజమే, రాయలేదు. ఈ లేఖ ఆ రాయకపోవడం గురించే.

నేను ముప్పై ఏళ్ల పైచిలుకు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. ఆరేళ్లుగా రెండు చెవులకీ మిషన్లు పెట్టుకుంటున్నాను, చెవి వెనక కూర్చునే రకం. వయసుతో వచ్చే చెవుడులో సౌండు తగ్గడం ఒక్కటే కాదు, ముందు పోయేది సన్నటి ధ్వనులు. అచ్చులు వినపడతాయి, స, త, క, ప లాంటివి జారిపోతాయి. "కంచి" అన్నారో "సంచి" అన్నారో తేలదు. అందుకే స్పీకర్ పెంచితే మాట పెద్దదవుతుంది గాని విడిగా తెలియదు. పైగా బ్యాంకు వాళ్లతో మాట్లాడే మాటలన్నీ బస్సులో అందరికీ వినిపించాలి. పోనీ ఇయర్‌పీస్‌నే మిషన్‌కి దగ్గరగా పెడితే, చాలాసార్లు కూ... అని ఈల మొదలవుతుంది. మిషన్ నుంచి బయటకు వచ్చిన సౌండు ఫోన్‌కి కొట్టుకుని తిరిగి దాని మైకులోకే దూరడం వల్ల వచ్చే ఈల అది.

దీనికి మందు ఎప్పుడో కనిపెట్టారు. చాలా చెవి మిషన్లలో చిన్న రాగి తీగ చుట్ట ఒకటి ఉంటుంది. టెలికాయిల్ అంటారు, మిషన్‌లో దాని ప్రోగ్రామ్‌కి 'టి' అని గుర్తు. పాత ల్యాండ్‌లైన్ రిసీవర్ మూత విప్పిన వాళ్లకి తెలుసు, లోపల అయస్కాంతం, దాని మీద తీగ చుట్ట, పైన పల్చటి ఇనుప రేకు. బాగుచేసేటప్పుడు బల్ల మీదున్న ఇనుప రజనంతా దానికి అంటుకుని నాకు చిరాకు పుట్టించేది. ఆ రిసీవర్‌లో మాట సౌండుగానే కాకుండా, మారే అయస్కాంత క్షేత్రంగా కూడా బయటకు వస్తుంది. మిషన్‌ని 'టి'లో పెడితే మైకు ఆగిపోతుంది, తీగ చుట్ట ఆ క్షేత్రాన్ని నేరుగా పట్టుకుంటుంది. ఈల రాదు, బజారు గోల రాదు. అవతలి మనిషి మాట ఒక్కటే వస్తుంది. మొదటిసారి అలా విన్నప్పుడు లైను కట్టయిందేమో అనుకున్నాను, అంత నిశ్శబ్దం వెనకాల.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మిషన్‌లో టెలికాయిల్ ఉన్నా, ఇచ్చేటప్పుడు ఆ ప్రోగ్రామ్ ఆన్ చేసి ఇవ్వకపోవచ్చు. నాకూ మొదటి రెండేళ్లు అంతే. ఆడియాలజిస్టుని అడిగితే కంప్యూటర్‌కి తగిలించి పది నిమిషాల్లో పెట్టారు. మరీ చిన్నవి, చెవి లోపలికి పోయే రకాల్లో చాలావాటికి ఆ తీగ చుట్టే ఉండదు. కొనే ముందే అడగాలి.

నా మిషన్‌లో 'టి' ఎలాగూ ఉంది కదా అని, ఆ కుర్రాడు పాట వినిపించిన మర్నాడు మళ్లీ అదే షాపుకెళ్లాను. ఈసారి నా సిమ్ వేయించి, మా ఆవిడకి కాల్ చేసి, ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండమన్నాను. (ఆ పని ఆవిడకి కష్టమేం కాదు.) మూడు ఫోన్లు చూశాను. మిషన్ 'టి'లో పెట్టి, ఇయర్‌పీస్‌ని చెవి రంధ్రానికి కాకుండా పైకి, చెవి వెనక మిషన్ ఉన్న చోటికి తెచ్చి, అంగుళం అటూ ఇటూ మెల్లగా జరిపాను. మొదటి ఫోన్లో ఎక్కడ పెట్టినా మాట లోతు బావిలోంచి వచ్చినట్టుంది, దాని మీద సన్నటి రొద. రెండోది బాగానే ఉంది గాని, సరైన చోటు కొంచెం తప్పితే మాట మాయం. మూడోదాన్లో స్పష్టంగా వచ్చింది. చిత్రమేమిటంటే మూడింట్లోకీ చవకైనది అదే. ఈ తేడా ధరని బట్టి చెప్పలేం, కంపెనీ పేరుని బట్టీ చెప్పలేం. లోపల పెట్టిన ఇయర్‌పీస్ ఎలాంటిదో, దాని పక్కన ఏ భాగాలు ఉన్నాయో, దాన్ని బట్టి ఉంటుంది. అది కొలిస్తేనే తెలుస్తుంది.

కొలవాల్సింది ఇంకొకటుంది. 2జీ రోజుల్లో కాల్ వచ్చే ముందు రేడియోలో, కంప్యూటర్ స్పీకర్లలో టిక్ టిక్ టిర్ర్... అని వచ్చేది గుర్తుందా? 2జీ ఫోన్ టవర్‌తో ఆగకుండా మాట్లాడదు, సెకనుకి దాదాపు 217 సార్లు తన వంతు రాగానే మాట్లాడి ఆగుతుంది. ఆ కొట్టుకోవడం మిషన్‌లోని సర్క్యూట్‌లో పడి జుర్రుమని వినిపిస్తుంది. 4జీలో వెళ్లే కాల్స్‌లో ఈ బాధ చాలావరకు లేదు. కానీ మనదేశంలో కొన్ని నెట్‌వర్కుల్లో 2జీ ఇంకా నడుస్తోంది, ముసలివాళ్ల చేతుల్లో ఉండే బటన్ ఫోన్లలో చాలా వాటికి అదే గతి. వినికిడి తక్కువున్న వాళ్లకి బటన్ ఫోన్ మంచిదని కొనిచ్చే పిల్లలు ఈ జుర్రు సంగతి తెలుసుకుంటే మంచిది.

అమెరికాలో ఈ రెండూ కొలుస్తారు. 1988లో ల్యాండ్‌లైన్ ఫోన్ల కోసం చట్టం తెచ్చారు, 2003లో దాన్ని సెల్‌ఫోన్లకి వర్తింపజేశారు, 2024 అక్టోబరులో అక్కడ అమ్మే ప్రతి మోడలూ చెవి మిషన్‌తో పనిచేయాల్సిందేనని, అందుకు కొంత గడువిచ్చి, నిర్ణయించారు. ఏళ్ల తరబడి వాడిన పద్ధతిలో జుర్రు రాకపోవడానికి 'ఎం', టెలికాయిల్‌కి 'టి' అని 1 నుంచి 4 దాకా మార్కులు. మిషన్‌కీ మార్కు ఉంటుంది. రెండూ కలిపితే 4 వస్తే ఏదో వాడుకోవచ్చు, 5 అయితే మామూలుగా వాడుకోవచ్చు, 6 అయితే చాలా బాగుంటుంది. ఎం2 మిషన్ ఉన్నవాడు ఎం3 ఫోన్ కొంటే 5. లెక్క ఇంతే. కొత్త ప్రమాణంలో ఈ అంకెలు తీసేసి పాస్, ఫెయిల్ చేశారు, ఇయర్‌పీస్ సౌండు ఎంత పెరగాలన్నదీ చేర్చారు.

అయితే అక్కడి మార్కు చూసి ఇక్కడ ఫోన్ కొనేద్దామంటే కుదరదు. పేరు ఒకటే అయినా అక్కడ అమ్మేది, ఇక్కడ అమ్మేది వేరు వేరు వేరియంట్లు కావచ్చు, యాంటెన్నాలూ బ్యాండ్లూ మారతాయి. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో కాల్ సెట్టింగ్స్‌లో Hearing aids అని ఒక స్విచ్ కనిపిస్తుంది, అది వేస్తే టెలికాయిల్‌కి అందేది పెరుగుతుంది. స్విచ్ ఉంటే ఆశ పెట్టుకోవచ్చు గాని అది మార్కు కాదు. బ్లూటూత్ మిషన్లు ఉన్నాయిగా అంటారు కొందరు. ఉన్నాయి, ధరా అలాగే ఉంది. పైగా మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్ కలిసే ప్రతి ఫోన్‌తోనూ అవి నేరుగా కలవవు, ఫోన్‌లో వాటికి తగ్గ ఏర్పాటు వేరే ఉండాలి. అది ఉందో లేదో కూడా డబ్బా మీద రాయరు.

మన దగ్గర కాగితం మీద ఏమీ లేదనను. 2018లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక సిఫారసు చేసింది. ఐదు, అంతకు మించి మోడళ్లు చేసే కంపెనీ 2020 చివరికల్లా కనీసం ఒక్క మోడలైనా దివ్యాంగులకు పనికొచ్చేలా చేయాలని. ఆ ఒక్క మోడల్ ఏదో నేను తిరిగిన ఏ షాపులోనూ చెప్పలేకపోయారు. ఫోన్లూ కంప్యూటర్లూ లాంటివి దివ్యాంగులు వాడుకునేలా ఉండాలని ఐఎస్ 17802 అని భారతీయ ప్రమాణమూ ఉంది, 2023లో దాన్ని దివ్యాంగుల హక్కుల చట్టం నియమాల్లో చేర్చారు. కొనేవాడికి మాత్రం దాని జాడ కనిపించదు.

ప్రభుత్వం తలుచుకుంటే ఫోన్ కంపెనీలు వినవని ఎవరైనా అంటే నమ్మను. 2017 నుంచి ఇక్కడ అమ్మే ప్రతి ఫోన్‌లో ప్యానిక్ బటన్ ఉండాలన్నారు. బటన్ ఫోన్‌లో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకోవడం, స్మార్ట్‌ఫోన్‌లో పవర్ బటన్ మూడుసార్లు గబగబా నొక్కడం లాంటి పద్ధతులు పెట్టారు. కంపెనీలు చేశాయి. రేడియేషన్ కొలత విషయమూ అంతే. మీ ఫోన్‌లో `*#07#` కొట్టి చూడండి, 'సార్' విలువ వస్తుంది. పరిమితి కిలోకి 1.6 వాట్లు. దాన్ని కొలిచే కంపెనీకి చెవి మిషన్ పరీక్ష కొత్త కాదు, అమెరికాకి పంపే మోడళ్లకి ఎలాగూ చేస్తున్నదే. భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ దగ్గర రిజిస్ట్రేషన్ లేకుండా ఫోన్ అమ్మకూడదు కాబట్టి అడగడానికి గుమ్మం కూడా ఉంది.

మీటల గురించి ఒక్క మాట. నాలాగా ఫోన్‌ని చెవి పైకి జరిపి పట్టుకుంటే, ఇయర్‌పీస్ పక్కనుండే సెన్సర్‌కి చెంప అడ్డం రాదు. దాంతో కాల్ మధ్యలో స్క్రీన్ వెలుగుతుంది, చెంప తగిలి మ్యూట్ పడుతుంది, లేదా కాల్ కట్టవుతుంది. అవతలివాళ్లు నేనే పెట్టేశాననుకుంటారు. మా వియ్యంకుడు గారు ఒకసారి అలాగే అలిగారు. బటన్ ఫోన్‌కి ఈ గొడవ లేదు, ఎర్ర మీట వేలికి తగులుతుంది. స్మార్ట్‌ఫోన్లలో పక్కనుండే సౌండు మీటలు కూడా తీసేయకుండా ఉంటే అదే పదివేలు. వైబ్రేషన్ అంటారా, రాత్రి మిషన్లు తీసేశాక నాకు దిక్కు అదే. దిండు కింద పెడితే ఈ కొత్త ఫోన్ల వణుకు దూది తాగేస్తుంది. స్టీలు పళ్లెంలో పెడితే నాకు తప్ప ఇంటిల్లిపాదికీ మెలకువ వచ్చింది. మంచం చెక్క పట్టీకి ఆనించి పెట్టాక తెలుస్తోంది.

నేను అడిగేది ఇంత. ఇక్కడ అమ్మే వేరియంట్‌ని ఇక్కడి బ్యాండ్ల మీద పరీక్షించి, టెలికాయిల్‌తో పనిచేస్తుందా లేదా, 2జీలోనూ 4జీలోనూ జుర్రు వస్తుందా లేదా, ఇయర్‌పీస్ సౌండు ఎన్ని డెసిబెల్స్ పెరుగుతుంది, ఈ మూడూ డబ్బా మీద ఎంఆర్‌పీ పక్కన తెలుగులోనో ఇంగ్లిషులోనో అచ్చేయాలి. `*#07#` కొడితే వచ్చే చోటే ఇవీ కనిపించాలి. టెలికాం శాఖ, బీఐఎస్ కలిసి చేయగల పని ఇది. పనిచేయని ఫోన్‌కి "పనిచేయదు" అని రాసినా నాకు అభ్యంతరం లేదు, మా ఆవిడని గంటసేపు లైన్లో నిలబెట్టకుండా ఇంకో డబ్బా చూసుకుంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టెలిఫోన్ మెకానిక్,
కాకినాడ