బుజ్జిదాని బస్సు, నీ "రెండే నిమిషాలు"

ఒరేయ్,

ఆలస్యానికి క్షమించు. నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. జవాబు సగం రాసి పక్కన పెట్టాను, ఆ సగం ఎక్కడుందో ఇప్పుడు నాకూ తెలీదు. ఇక్కడ అందరం బాగున్నాం, జ్వరాలు తగ్గాయి, మిగతా కబుర్లన్నీ తర్వాత. నువ్వు పంపిన మీ బుజ్జిదాని బడి బస్సు రూటు చీటీ చూసిన దగ్గర్నుంచి ఒక్క విషయం చెప్పకపోతే నిద్రపట్టేలా లేదు.

చీటీలో టైముల సంగతి కాసేపు వదిలెయ్. బుజ్జిది బస్సెక్కేది రోడ్డుకి ఏ పక్క? దిగేది ఏ పక్క? ఈ మాట నువ్వు బడివాళ్లని అడగలేదని పందెం. ఎవరూ అడగరు. "ఎన్నింటికొస్తుంది, ఎన్నింటికి దింపుతుంది", అంతే.

బస్సు తలుపు ఎప్పుడూ రోడ్డు అంచు వైపే ఉంటుంది కదా. పొద్దున బస్సు బడి ఉన్న ఊరివైపు వెళ్తుంది కాబట్టి తలుపు మీ ఇంటి వైపు తెరుచుకుంటుంది. సాయంత్రం అదే రోడ్డు మీద ఎదురుగా వస్తుంది, తలుపు అవతలి వైపు తెరుచుకుంటుంది. పోనూ రానూ ఒకటే రోడ్డయితే, రోడ్డుకి ఒక పక్కనున్న ఏ ఇంటి పిల్లయినా రెండు ట్రిప్పుల్లో ఒకదానికి రోడ్డు దాటక తప్పదు. మీకు ఆ ఒకటి సాయంత్రం పడింది. అదే చెడ్డది. పొద్దున పిల్ల నిద్రమొహంతో చెయ్యి పట్టుకుని నడుస్తుంది. సాయంత్రం ఇల్లు కనబడగానే పరుగే. బస్సు ప్రయాణమంతటిలో ప్రమాదం లోపల కూర్చున్నప్పటి కంటే దిగిన తర్వాతి పది అడుగుల్లోనే ఎక్కువ.

ఇప్పుడు నీ చీటీ లెక్క చూడు. మొత్తం 14 స్టాపులు, మీది రెండోది. బడి మీ ఇంటికి 22 కిలోమీటర్లే అయినా, బస్సు సందుల్లోకి తిరిగి తిరిగి 31 కిలోమీటర్లు చేస్తుంది. సగటున గంటకి 28 అనుకుంటే 66 నిమిషాలు. మీ తర్వాత 12 స్టాపులున్నాయి. బస్సు ఆగి, తలుపు తీసి, ఒకరినో ఇద్దరినో ఎక్కించుకుని మళ్లీ వేగం అందుకునేసరికి స్టాపుకి దాదాపు నిమిషం పోతుంది. అంటే 78 నిమిషాలు. 6:50కి ఎక్కితే 8:08కి బడి. గంట 8:20కి. చేతిలో మిగిలింది 12 నిమిషాలు. ఆ 12 గుర్తుపెట్టుకో, దానితో నీకు తర్వాత పని పడుతుంది.

సాయంత్రం 3:40కి బయల్దేరి అదే వరస తిరగేస్తారు. పొద్దున ముందెక్కిన పిల్ల సాయంత్రం చివర్లో దిగుతుంది. మళ్లీ 78 నిమిషాలు. రోజుకి రెండున్నర గంటల మీద బస్సులోనే! బడి పక్కనున్న పిల్లలు మాత్రం పది నిమిషాల్లో ఇంట్లో ఉంటారు.

నేను చెప్పాలని ఉడికిపోతున్నది ఇదే. సాయంత్రం వరస మార్చమని అడుగు. పూర్తిగా తిప్పమంటే ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. బస్సు ముందు మీ చివరకొచ్చి, అక్కణ్నుంచి అందరినీ దింపుకుంటూ వెనక్కి వెళ్తే బడి పక్క పిల్ల 5:30 దాటాక ఇల్లు చేరుతుంది. ఆ తల్లిదండ్రులు ఊరుకుంటారా? మధ్యేమార్గం ఉంది. బడికి దగ్గరున్న ఐదు స్టాపుల పిల్లల్ని పోతూపోతూ దింపెయ్యాలి. తర్వాత సందుల్లోకి దిగకుండా తిన్నగా రోడ్డు చివరికొచ్చి, అక్కడ తిరిగి, మిగతా తొమ్మిది స్టాపులు వెనక్కొస్తూ దింపాలి. నా లెక్కన బుజ్జిది 4:30 ప్రాంతంలో దిగుతుంది. చివరగా దిగేది మధ్యలో ఎక్కే పిల్లలు, 5:10కి. వాళ్లకి పొద్దున 35 నిమిషాలే కాబట్టి రోజు మొత్తమ్మీద ఆ తొమ్మిది స్టాపుల వాళ్లందరికీ రెండు గంటల అటూ ఇటూ పడుతుంది. ఎవరికీ మరీ అన్యాయం లేదు.

అసలు మెలిక ఇక్కడుంది. అలా వస్తే మీ స్టాపు దగ్గర సాయంత్రం కూడా బస్సు మొహం ఊరివైపే ఉంటుంది. అంటే తలుపు మీ ఇంటి పక్కే! రోడ్డు దాటడమన్నదే పోతుంది. మీ ఒక్కరికే కాదు, ఆ రోడ్డు మీద మీ పక్కనున్న ఇళ్లన్నిటికీ. అవతలి పక్క ఇళ్లుంటే మాత్రం కష్టం వాళ్ల మీదకి మారుతుంది. అందుకే అడిగే ముందు ఆ తొమ్మిది స్టాపుల్లో ఏ ఇల్లు ఏ పక్కో ఒక కాగితం మీద గీసుకో. ఎక్కువ మంది అవతలి పక్కే ఉన్నట్టు తేలితే ఈ ఉత్తరం చించెయ్.

బడివాళ్లు ఒప్పుకుంటారా లేదా అన్నది ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంటుంది. రాత్రి బస్సు ఎక్కడ పడుకుంటుంది? బడి ఆవరణలోనే అయితే ఇప్పుడు కూడా చివరి పిల్లని దింపి ఖాళీగా 22 కిలోమీటర్లు వెనక్కి రావాల్సిందే. కొత్త వరసలో ఆ వచ్చేదేదో పిల్లల్ని దింపుకుంటూ వస్తుంది. డీజిల్లో పెద్ద తేడా ఉండదు. అదే డ్రైవరు ఇల్లు మీవైపుండి, రాత్రికి బస్సు అక్కడే పెడుతున్నాడనుకో, అప్పుడు సాయంత్రం అటూ, రాత్రి మళ్లీ ఇటూ. ఒప్పుకోరు. రెండోది, రోడ్డు చివర పెద్ద బస్సు తిరగడానికి చోటుండాలి. రివర్సు చెయ్యకుండా ఒక్క తిప్పులో తిరగాలి. పిల్లలున్న చోట బస్సు వెనక్కి నడపడం కంటే పాత వరసే నయం.

ఒప్పుకోలేదనుకో. అప్పుడు ఇది చెయ్యి, చెల్లెమ్మకీ చదివి వినిపించు. సాయంత్రం తీసుకెళ్లడానికొచ్చే పెద్దవాళ్లు బస్సు రాకముందే రోడ్డు దాటి, తలుపు తెరుచుకునే పక్క నిలబడాలి. ఇంటివైపు నిలబడి "ఇటూ, ఇటూ" అని చెయ్యి ఊపడం కంటే పెద్ద తప్పు లేదు. పిల్ల కళ్లకి నువ్వు తప్ప రోడ్డు కనబడదు. దిగగానే బస్సుకి దూరంగా పెద్ద పెద్ద అడుగులు ఐదు వెయ్యాలి. బస్సు చుట్టూ మూడు మీటర్ల మేర డ్రైవరుకి చిన్నపిల్లలు కనబడని చోట్లుంటాయి. బస్సు పూర్తిగా వెళ్లిపోయి, రోడ్డు రెండువైపులా కనిపించాక చెయ్యి పట్టుకుని దాటాలి. కొన్ని దేశాల్లో బడి బస్సు ఆగితే బండ్లన్నీ ఆగి తీరాలని చట్టం, అక్కడ పిల్లలు బస్సు ముందు నుంచి దాటుతారు. ఆ చట్టం లేని చోట ఆ పద్ధతి చూసి మనం చెయ్యకూడదు.

బుజ్జిదానికి ఇది మాటల్లో చెబితే ఎక్కదు. డ్రైవర్ని బతిమాలి, బస్సు ఆపి ఇంజను కట్టేసి ఉన్నప్పుడు, ఒకసారి దాన్ని ఆయన సీట్లో కూర్చోబెట్టు. నువ్వు ముందు బంపరుకి ఆనుకుని గొంతుక్కూర్చో. దానికి నువ్వు కనబడవు. అక్కణ్నుంచి అలాగే కూర్చుని జరుగుతూ జరుగుతూ ముందుకెళ్లు, నీ బట్టతల ఎక్కడ పైకి తేలుతుందో అది అరుస్తుంది. (నవ్వకు, ఆ పనికి మన బ్యాచ్‌లో నీ అంత పనికొచ్చేవాడు లేడు.) ఆ రోజు నుంచి "బస్సు ముందు పెన్సిలు పడితే వదిలెయ్" అని వేరే చెప్పక్కర్లేదు.

సరే, ఆ 12 నిమిషాలు. నీ "రెండే నిమిషాలు" నాకు తెలియనిదా? ఆరు స్టాపుల్లో ఆరుగురు నీలాంటి మహానుభావులు చెరో రెండు నిమిషాలు ఆపితే 12 అయిపోయాయి, గంట కొట్టేశారు. అప్పుడు డ్రైవరు తొందరపడతాడు. చివరి స్టాపుల్లో పిల్లలు రోడ్డంచున నిలబడి నిలబడి ఆటలు మొదలెడతారు. వెనకబడ్డ పిల్ల తలుపు మూసుకుంటోందని పరిగెత్తుతుంది. కాబట్టి నీకు "రెండే నిమిషాలు" ఇక రద్దు. పరీక్ష రోజు నాడు నువ్వు నన్ను గేటు దగ్గర నిలబెట్టింది నేనింకా మర్చిపోలేదు.

చీటీలో రాసిన 6:50ని నమ్మకు. మొదటి వారం లెక్కలోకి తీసుకోకు, డ్రైవరు కూడా నేర్చుకుంటుంటాడు. ఆ తర్వాత పది బడి రోజులు, చక్రం ఆగిన టైము రాసుకో. తలుపు మూసిన టైము కాదు, అందులో నీ ఆలస్యం కూడా కలిసిపోతుంది. మీది రెండో స్టాపు కాబట్టి పొద్దున తేడా తక్కువే ఉంటుంది. 6:47 నుంచి 6:54 దాకా వచ్చిందనుకో, నీ టైము 6:42. అన్నిటికంటే ముందొచ్చిన రోజుకి ఐదు నిమిషాలు ముందు, సగటుకి కాదు. మొదటి స్టాపు పిల్ల రాని రోజు బస్సు ముందే వచ్చేస్తుంది. ముందొస్తే రాసిన టైము దాకా ఆగుతాడా లేదా అని ఇప్పుడే అడిగి తేల్చుకో.

సాయంత్రం వేరే కథ. ముందున్న స్టాపులన్నిటి తేడాలూ పోగై మీ దగ్గరకొస్తాయి. ఒకరోజు 4:51, ఇంకోరోజు 5:16. అరగంట రోడ్డు మీద నిలబడలేం కదా. బస్సు యాప్‌లో "ఇంకా 6 నిమిషాలు" అని చూపిస్తే అది చూసి కదలకు. చుక్క కింద "ఎప్పుడు అప్‌డేట్ అయింది" అని ఉంటుంది, అది చూడు. సిగ్నల్ లేని చోట చుక్క పాత జాగాలోనే నిలబడి ఉంటుంది, బస్సు మాత్రం నీ గుమ్మంలో ఉంటుంది. అన్నిటికంటే నమ్మకమైంది, మీకు మూడు స్టాపుల ముందున్న తల్లో తండ్రో తమ పిల్ల దిగగానే నీకొక మిస్డ్ కాల్ ఇవ్వడం. నువ్వు మీ తర్వాతి వాళ్లకి. ఫోను తియ్యక్కర్లేదు, మోగితే చాలు, బయల్దేరు.

స్టాపు దగ్గర ఎవరూ లేకపోతే పిల్లని దింపకూడదు, బస్సులోనే ఉంచి మీకు ఫోను చెయ్యాలి. ఇది ఆయాకీ డ్రైవరుకీ నోటిమాటగా కాదు, కాగితం మీద ఇవ్వు, ఎవరెవరు తీసుకెళ్లొచ్చో పేర్లతో సహా. మీది చివరి స్టాపుల్లో ఒకటి కాబట్టి పిల్ల నిద్రపోయి ఉంటుంది కూడా. అందరూ దిగాక వెనక సీటు దాకా నడిచి చూసేదెవరో అడుగు. "చూస్తాం లెండి" అంటే పేరు చెప్పమను.

ఇంకొకటి, మర్చిపోయేవాణ్ని, నీళ్ల సీసా తాడు! మెళ్లో వేసి పంపకండి. దిగేటప్పుడు తలుపు పక్క పట్టుకునే కమ్మీకీ గోడకీ మధ్య సందులో తాడు ముడి ఇరుక్కుంటుంది. పిల్ల కాలు నేల మీద, మెడ బస్సులో. స్వెట్టరు టోపీ తాళ్లూ అంతే, లాగి పారెయ్యండి. సంచికి వేలాడే బొమ్మలు కూడా... ఆ కుందేలు దానికి ప్రాణమని తెలుసు, లోపలి అరలో పెట్టమను. కమ్మీ దగ్గర సందు ఎంతుందో రేపే ఒక ముడేసిన తాడు తీసుకెళ్లి పైనుంచి కిందకి జార్చి చూడు, ముడి ఆగితే

అదిగో, కింద హారన్ కొడుతున్నారు, పోవాలి. ముడి ఆగితే ఆ సందు మూయించమని రాసివ్వు. ఏ ఇల్లు ఏ పక్కో ఆ బొమ్మ గీసి నాకు పంపు, ముందు అది.

నీ
నత్తగుల్ల