దసరా సరుకు, మైక్రోఫైనాన్స్ అప్పు: సంతకానికి ముందు ఒక లెక్క

శ్రీనుకి,

నిన్న రాత్రి ఫోన్లో హడావిడిగా మాట్లాడుకున్నాం. దుకాణంలో గిరాకీ ఉందని నువ్వు పెట్టేశావు. నేను చెప్పాలనుకున్నది సగంలోనే ఆగిపోయింది. ఫోన్లో అంకెలు చెబితే గుర్తుండవు, అందుకే రాస్తున్నా. నింపాదిగా చదువు. వదినని కూడా పక్కన కూర్చోబెట్టుకో, ఎందుకంటే అప్పు తన పేరు మీద అంటున్నావు కదా.

దసరాకి దేవరకొండలో చీరల గిరాకీ ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. బతుకమ్మ తొమ్మిది రోజులూ గల్లా ఖాళీగా ఉండదు. లక్ష రూపాయల సరుకు హైదరాబాద్ మదీనా నుంచి తెచ్చుకుంటే పోతుందన్న నీ నమ్మకం తప్పు కాదు. నాకు అనుమానం ఉన్నది సరుకు మీద కాదు, ఆ ఫైనాన్స్ అబ్బాయి నోటితో చెప్పిన "పన్నెండు శాతం" మీద.

నువ్వు చెప్పినదాన్ని బట్టి అప్పు లక్ష, మిత్తి ఏడాదికి పన్నెండు శాతం, మొత్తం 1,12,000. పన్నెండు కిస్తీలు, నెలకి 9,333. వినడానికి చక్కగా ఉంది. మన ఊళ్లో నూటికి రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతం, ఇది అందులో సగమే అనిపిస్తుంది. కానీ ఇక్కడే మనవాళ్లు ఎక్కువ మంది మోసపోతారు. ఊళ్లో రెండు రూపాయల మిత్తికి తెచ్చుకుంటే లక్ష మొత్తం నీ దగ్గరే ఉంటుంది, అసలు చివర్లో కడతావు. ఇక్కడ మొదటి నెల నుంచే అసలు కూడా కొంచెం కొంచెం తిరిగి ఇస్తుంటావు. ఆరు నెలలు గడిచేసరికి నీ చేతిలో వాళ్ల డబ్బు సగం కొంచెం పైన మాత్రమే ఉంటుంది. కానీ మిత్తి మాత్రం మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా లక్ష మొత్తానికీ కడుతున్నావు. దీన్నే ఫ్లాట్ రేటు అంటారు.

చేతివేళ్ల మీద వేసుకునే లెక్క చెబుతా. నెలనెలా సమానంగా తీరే ఏడాది అప్పులో సగటున నీ దగ్గర ఉండేది 54,000 దాకా. దాని మీద మిత్తి 12,000. అంటే దగ్గర దగ్గర ఇరవై రెండు శాతం. కంప్యూటర్లో సరిగ్గా వేస్తే 21.5 వస్తుంది. తగ్గుతున్న బాకీ మీద వేసే ఈ రేటే నిజమైన రేటు, బ్యాంకు వాళ్లు చెప్పేది కూడా ఇదే. కాబట్టి ఒకరి ఫ్లాట్ పన్నెండునీ ఇంకొకరి తగ్గే బాకీ పన్నెండునీ పక్కపక్కన పెట్టి సమానం అనుకోకూడదు.

ఇక కోతలు. ప్రాసెసింగ్ ఫీజు రెండు శాతం, దాని మీద జీఎస్టీ, మొత్తం 2,360 అన్నావు. ఇన్సూరెన్స్ 1,140. అంటే చేతికి వచ్చేది 96,500. కానీ కిస్తీ లక్షకే. ఈ కోతలన్నీ కలిపి చూస్తే నిజమైన ఖర్చు ఏడాదికి 28 శాతం దాటుతుంది. ఇప్పుడు మన ఊరి రెండు రూపాయల మిత్తి పక్కన పెట్టి చూడు, ఏది ఖరీదో నీకే తెలుస్తుంది. అట్లాగని గిరిగిరి దగ్గరికి మాత్రం పోకు. పది వేలకి వెయ్యి ముందే పట్టుకుని, రోజుకి వంద చొప్పున వంద రోజులు వసూలు చేసేవాళ్లు తీసుకునేది "నూటికి పది" కాదు. లెక్క వేస్తే ఏడాదికి ఎనభై శాతం దాకా పోతుంది.

ఈ 28 అనే అంకెని నా మాట మీద నమ్మాల్సిన పని లేదు. రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ నుంచి అమలు చేస్తున్న నియమాల ప్రకారం మైక్రోఫైనాన్స్ అప్పు ఇచ్చే ప్రతి సంస్థా ఫీజులన్నీ కలిపిన ఏడాది రేటుని ఒక కాగితం మీద రాసి, తీసుకునేవాళ్లకి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. దాన్ని ఫ్యాక్ట్‌షీట్ అంటారు, ఇప్పుడు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే పేరుతో కూడా ఉండొచ్చు. ఆ ఏడాది రేటు అందులో ఏపీఆర్ అనే గడిలో ఉంటుంది. ఆ అబ్బాయి నోటితో ఏం చెప్పినా నువ్వు చూడాల్సింది ఆ గడినే. కాగితం తర్వాత ఇస్తాం, ముందు సంతకం పెట్టండి అంటే లేచి వచ్చేయండి. అదే నియమాల్లో ఇంకొకటి కూడా ఉంది: ఇంటిల్లిపాది కిస్తీలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. నీ బండి కిస్తీ కూడా అందులోకే వస్తుంది. అందుకే దరఖాస్తులో మీ ఆదాయం ఎంత రాశారో చూడు. ఎక్కువ రాస్తే అప్పు సులువుగా వస్తుంది, కట్టడం మాత్రం అంత సులువు కాదు.

సరే, రేటు పక్కన పెట్టి నీ సరుకు దగ్గరికి వద్దాం. నాకు అసలు టెన్షన్ అక్కడే.

చేతికి వచ్చిన 96,500తో సరుకు తెచ్చావు. నువ్వు వేసుకునేది వంద మీద పాతిక, కాబట్టి అంతా అమ్ముడుపోతే 1,20,000 చిల్లర. లాభం 24,000. అందులో మిత్తి, కోతలు కలిపి 15,500 పోతే మిగిలేది 8,500. దీంట్లో నుంచే మదీనా ప్రయాణం, ఆటో, అదనంగా పెట్టుకునే కుర్రాడి జీతం రావాలి. పండగ తర్వాత ఓ పది వేల రూపాయల చీరలు మడతలోనే మిగిలిపోతే ఆ 8,500 కూడా లేదు.

ఇంకా పెద్ద చిక్కు టైము. దీపావళికల్లా మూడింట రెండు వంతులు, అంటే 80,000 అమ్ముతావనుకుందాం. నీ దగ్గర ఉద్దెర ఎంత ఉంటుందో నాకు తెలుసు, కనీసం 30,000. ఆ పైసలు తీసుకున్నవాళ్లు పత్తి అమ్ముకున్నాకే వస్తాయి. అంటే చేతికి వచ్చే నగదు 50,000. కిస్తీ మాత్రం పత్తి కోసం ఆగదు, అక్టోబరులోనే మొదలవుతుంది. అప్పుడు ఆ 50,000 లోంచే కడతావు. అది లాభం కాదు, చీరల అసలు. అసలు తీసి కిస్తీ కట్టినకొద్దీ కొత్త సరుకు తగ్గుతుంది, సరుకు తగ్గితే గిరాకీ పక్క దుకాణానికి పోతుంది.

మా ఆడిటర్ ఆఫీసుకి వచ్చే హాలియా చెప్పుల దుకాణం ఆయనకి సరిగ్గా ఇదే జరిగింది. నాలుగో కిస్తీ దగ్గర చేతిలో లేక ఇంకో సంస్థలో అప్పు తీసుకుని మొదటిది కట్టాడు. ఆ లెక్కలు రాసింది నేనే. అమ్మకాలు తగ్గలేదు, కానీ అరలు ఖాళీ అయ్యాయి. దీన్ని ముందే పట్టుకోవాలంటే ఒక పని చెయ్యి. ప్రతి నెల ఒకటో తారీఖున దుకాణంలో ఉన్న సరుకుని కొన్న ధరకి లెక్కవేసి, చేతిలో ఉన్న నగదు, రావలసిన ఉద్దెర కలుపు. అందులోంచి నువ్వు కట్టాల్సిన బాకీలన్నీ తీసెయ్. ఆ మిగులు నెలనెలా తగ్గుతుంటే గల్లా ఎంత కళకళలాడుతున్నా నువ్వు అసలు తింటున్నట్టే.

సరుకు కోసం తీసుకునే అప్పు సరుకు తిరిగినట్టే తిరగాలి. బ్యాంకులో క్యాష్ క్రెడిట్ అని ఉంటుంది. ఒక పరిమితి ఇస్తారు, కావలసినప్పుడు తీసుకుంటావు, అమ్మగా వచ్చింది వేస్తావు, వాడుకున్న డబ్బుకి వాడుకున్న రోజులకే మిత్తి. ఇక్కడా పన్నెండు శాతమే అనుకో. సెప్టెంబరు సగంలో లక్ష తీశావు, దీపావళికి 50,000 వేశావు, సంక్రాంతికి పత్తి పైసలు వచ్చి మిగతాది వేశావు. మిత్తి మొత్తం 2,750. బ్యాంకు చార్జీలు కొన్ని కలుపుకో. అయినా 15,500 ఎక్కడ, ఇది ఎక్కడ!

ఇది అందరికీ ఇస్తారా అంటే, ముద్ర పథకంలో నీలాంటి దుకాణాలకి ఇస్తారు. 50,000 దాకా శిశు, ఆ పైన ఐదు లక్షల దాకా కిశోర్. కిశోర్ కింద క్యాష్ క్రెడిట్ అడుగు. నీ సరుకు రెండు లక్షలు, మదీనా సేటుకి నువ్వు బాకీ 40,000. బ్యాంకు మిగిలిన 1,60,000 చూసి, అందులో పాతిక శాతం నీ వంతుగా వదిలి, 1,20,000 దాకా తీసుకోనిస్తుంది. ఈ పాతిక శాతం బ్యాంకుని బట్టి అటూ ఇటూ అవుతుంది. సరుకు వివరం వాళ్లు అడిగినప్పుడల్లా రాసి ఇవ్వాలి, దొంగ లెక్క రాయకూడదు. మిత్తి కట్టకుండా తొంభై రోజులు దాటితే ఖాతా మొండి బాకీ కింద పడుతుంది, ఆ తర్వాత ఏ బ్యాంకూ దగ్గరికి రానివ్వదు.

మేనేజరు మొదట అడిగేది బ్యాంకు స్టేట్‌మెంటు. నీ ఫోన్‌పే డబ్బులు సగం వదిన ఖాతాలోకి, సగం నీ ఖాతాలోకి పోతున్నాయి కదా, రేపటి నుంచే ఒక్క ఖాతాలోకి మార్చు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు, అది కూడా చేయించు. udyamregistration.gov.in లో రూపాయి కట్టకుండా అయిపోతుంది, ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వకు.

ఈ దసరాకి బ్యాంకు పని అందకపోవచ్చు, అది నాకూ తెలుసు. అప్పుడు కూడా లక్ష వద్దు. వదిన మహిళా సంఘంలో ఉంది కదా, సంఘం ద్వారా ఎంత వస్తుందో ముందు అడగమను. మిగతాది సేటు దగ్గర నెల రోజుల ఉద్దెర మీద తెచ్చుకో, అయితే ఉద్దెర ధరకీ నగదు ధరకీ తేడా ఎంతో అడిగి తెచ్చుకో, ఆ తేడా కూడా మిత్తే. తప్పనిసరై మైక్రోఫైనాన్సే తీసుకుంటే నలభై వేలకి ఆపు. పత్తి పైసలు రాగానే మూసెయ్యి. ముందే కడితే జరిమానా వెయ్యకూడదని రిజర్వు బ్యాంకు నియమం ఉంది, మిగిలిన నెలల మిత్తి ఎట్లా తగ్గిస్తారో సంతకానికి ముందే అడుగు. గ్రూపు అప్పయితే పక్కింటావిడ కట్టకపోయినా వదిన మీద ఒత్తిడి వస్తుంది, ఆ గ్రూపులో ఎవరెవరు ఉన్నారో నువ్వు తెలుసుకోవాలి.

ఫ్యాక్ట్‌షీట్ ఇవ్వగానే ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు, వదిన సంతకం పెట్టేలోపు లెక్క వేసి చెబుతా. దాంతో పాటు ఈ ఆదివారం దుకాణం మూశాక సరుకు ఒకసారి లెక్కపెట్టి, ఎవరెవరి దగ్గర ఎంత ఉద్దెర ఉందో రాసి పంపు. ముద్ర దరఖాస్తుకి కావలసిన కాగితాలు నేను ఇక్కడ నల్లగొండలో తయారు చేసి పెడతా. వచ్చే వారం బస్సెక్కి వచ్చెయ్, బ్యాంకుకి ఇద్దరం కలిసి పోదాం.

నీ
రాజు