బంగారం పెరిగిందా, రూపాయి తగ్గిందా?

సంపాదకులు గారికి,

మీ పత్రిక వాణిజ్య పేజీలో రోజూ ఒక మూల బంగారం ధరల పెట్టె వేస్తారు. హైదరాబాద్, విజయవాడ, మా ప్రొద్దుటూరు రేట్లు, పక్కన పైకో కిందికో ఒక బాణం. రేటు కాస్త ఎక్కువ కదిలితే ‘పసిడి పరుగు’ అని శీర్షిక కూడా ఉంటుంది. బ్యాంకులో చాలా ఏళ్లు నగల మీద అప్పులిచ్చే కౌంటర్లో కూర్చున్నవాణ్ణి కాబట్టి ఆ పెట్టె చూడనిదే నాకు తెల్లవారదు. అయితే ఆ బాణం బంగారం సంగతి చెబుతోందో, రూపాయి సంగతి చెబుతోందో దాన్ని చూసి తేల్చుకునే దారి లేదు. ఈ ఉత్తరం దాని గురించే.

2013 ఆగస్టు నెలాఖరు నాకు బాగా గుర్తు. పది గ్రాముల మేలిమి బంగారం 34,000 రూపాయలు దాటింది. ఎనిమిది నెలల కిందట అది 31,000 లోపే ఉండేది. కౌంటర్ దగ్గరికి వచ్చినవాళ్లంతా ‘ఇంకా పెరుగుతుందట సార్’ అనేవాళ్లు. ఎప్పుడో మాఘంలో పెళ్లి పెట్టుకుని, గడువు తీరని డిపాజిట్లు రద్దు చేయించుకుని నగలకు పరిగెత్తినవాళ్లూ ఉన్నారు. నిజానికి ఆ ఏడాది ప్రపంచ మార్కెట్లో బంగారం కూలిపోతోంది. ఏప్రిల్‌లో రెండు రోజుల్లోనే పదో వంతుకు పైగా పడింది. ఆ వార్త మన పత్రికల్లో వచ్చింది కూడా. ఆగస్టుకల్లా అందరం మరిచిపోయాం.

ఇప్పుడు అదే కాలానికి బంగారం చార్ట్‌ను ఒక్క రూపాయల్లోనే కాకుండా డాలరు, యూరో, పౌండు, యెన్లలో కూడా గీసి చూడండి. 2012 డిసెంబర్ 31న అన్ని గీతలూ వంద దగ్గర మొదలయ్యాయనుకుందాం. అలా ఒకే చోట మొదలుపెట్టకపోతే పోలికకు అర్థం లేదు. 2013 ఆగస్టు 28కి వచ్చేసరికి యూరో, డాలరు గీతలు రెండూ సుమారు 85 దగ్గరున్నాయి. పౌండు గీత 90 దగ్గర, యెన్ గీత 96 దగ్గర ఆగాయి. రూపాయి గీత ఒక్కటే పైకి వెళ్లి 107 చేరింది. లోహం ఒకటే, కాలమూ ఒకటే. నాలుగు గీతలు దిగుతుండగా ఒక్కటి ఎక్కిందంటే ఆ ఎక్కింది బంగారం కాదు. అన్నీ కలిసి ఎటు కదిలాయో అది లోహం కదలిక. వాటి మధ్య ఉన్న ఎడం కరెన్సీల కదలిక. ఆ ఏడాది జపాన్ యెన్ కూడా బాగా బలహీనపడింది కాబట్టే అక్కడి కొనుగోలుదారుకు బంగారం పెద్దగా చవకైనట్టు కనిపించలేదు.

రూపాయి గీతను విడదీసి చూస్తే సంగతి ఇంకా తేటగా ఉంటుంది. ఔన్సు ధర సుమారు 1,660 డాలర్ల నుంచి 1,420కి దిగింది. అంటే వందకు పద్నాలుగున్నర తగ్గింది. డాలరు 55 రూపాయల నుంచి 68.80కి ఎక్కింది. అంటే వందకు పాతిక పెరిగింది. పాతికలోంచి పద్నాలుగున్నర తీసేసి పదిన్నర పెరిగిందనుకుంటారు చాలామంది. నేనూ మొదట్లో అలాగే లెక్క వేసేవాణ్ణి. శాతాలను ఇక్కడ కూడికలు తీసివేతలు చేయకూడదు, గుణించాలి. 0.855ను 1.25తో గుణిస్తే 1.07 వస్తుంది. పెరిగింది ఏడు శాతమే.

మరి మన దుకాణంలో ఏడు కాదు కదా, దాదాపు పదమూడు శాతం పెరిగింది. ఔన్సుకు 31.1 గ్రాముల చొప్పున లెక్కవేస్తే పది గ్రాములు 29,350 నుంచి 31,400కి వెళ్లాలి. మనం కట్టింది 34,500. మిగతాది దిగుమతి సుంకం. ఆ ఏడాది మొదట్లో 4 శాతం ఉన్న సుంకాన్ని జనవరిలో 6కు, జూన్‌లో 8కి, ఆగస్టులో 10కి పెంచారు. మొదటి అంకెకు 4 శాతం, రెండో అంకెకు 10 శాతం కలపండి, పత్రికల్లో వచ్చిన ధరలకు దగ్గరగా వస్తుంది. విదేశీ వెబ్‌సైట్లలో రూపాయల్లో చూపే చార్ట్‌లో ఈ సుంకం ఉండదు. దాన్ని చూసి దుకాణదారుతో గొడవపడటం సరికాదు.

సుంకం కలిపినా లెక్క కుదరని రోజులు ఉంటాయి. అదే 2013 చివర ఔన్సు 1,205 డాలర్లకు పడింది, డాలరు 62 రూపాయల లోపుకి దిగింది. లెక్క ప్రకారం సుంకంతో కలిపి పది గ్రాములు 26,300 చుట్టూ ఉండాలి. మార్కెట్లో అంతకంటే రెండు వేలకు పైగా ఎక్కువ పలికింది. దిగుమతి చేసుకున్న బంగారంలో ఐదో వంతు ఎగుమతికే వాడాలని నిబంధన పెట్టడంతో సరుకు కరవై, ఔన్సుకు నూరు డాలర్లకు పైగా ప్రీమియం కట్టాల్సి వచ్చింది. లోహం, కరెన్సీ, సుంకం మూడూ తీసేశాక ఇంకా తేడా మిగిలితే అది కొరత అన్నమాట.

ఇది చదివి డాలరు ధర చూస్తే చాలనుకునేవాళ్లుంటారు. చాలదు. డాలరు కూడా ఒక కరెన్సీయే. 2014 జూన్ చివరి నుంచి 2015 మార్చి చివరి వరకు డాలర్లలో బంగారం పది శాతం పడింది. అదే కాలంలో యూరోల్లో దాదాపు పదిహేను శాతం, యెన్లలో ఏడు శాతం పెరిగింది. ‘బంగారం పడిపోయింది’ అని రాసినవాళ్లు నిజానికి డాలరు బలపడిన వార్త రాశారు. ఇలా గీతలు చెరోవైపు వెళ్లినప్పుడు లోహం ఎటు కదిలిందో కచ్చితంగా చెప్పలేం, నాలుగైదు కరెన్సీల సగటు తీసుకుని ఉజ్జాయింపుగా చెప్పాల్సిందే. పైగా డాలరు బలపడటమే లోహాన్ని కిందికి నొక్కుతుంది కాబట్టి రెండింటినీ పూర్తిగా వేరు చేయడం ఎవరివల్లా కాదు. 2013లాగా నాలుగు గీతలు ఒకవైపు, ఒకటి ఇంకోవైపు ఉంటే మాత్రం అనుమానమే అక్కర్లేదు.

కుదువ పెట్టేవాళ్లకూ ఇది అవసరమే. రూపాయి పడి పెరిగిన ధర మీద ఎక్కువ అప్పు తీసుకుంటే, రూపాయి కోలుకున్నాక నగ విలువ తగ్గి బ్యాంకు నుంచి కబురు వస్తుంది. అప్పుడు టీవీలో బంగారం స్థిరంగా ఉందంటే ఆ మనిషికి అయోమయం.

నా మనవి చిన్నదే. ధరల పెట్టె కింద ఇంకో రెండు లైన్లు వేయండి. ఔన్సు డాలర్లలో ఎంత, డాలరు ఎన్ని రూపాయలు, సుంకం ఎంత, ఏడాది మొదటి నుంచి డాలరు, యూరో, యెన్, రూపాయల్లో ఎంత మార్పు. వ్యాపార వార్తలు రాసే పిల్లలకు పది నిమిషాల పని. 2013 ఆగస్టు 28న అలా వేసి ఉంటే పాఠకులకు ఇలా కనిపించేది: ‘ఔన్సు 1,420 డాలర్లు, డాలరు 68.80, సుంకం 10 శాతం. ఏడాదిలో యూరోల్లో 15 తగ్గుదల, డాలర్లలో 14.5 తగ్గుదల, యెన్లలో 4 తగ్గుదల, సుంకం లేకుండా రూపాయల్లో 7 పెరుగుదల.’

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
ప్రొద్దుటూరు