కుంటలో ఒక్క తడికే నీళ్లుంటే

అనంతపురం
ఆదివారం రాత్రి

పాపా,

నువ్వు పంపిన నీ థీసిస్ ముగింపు, ఆరో అధ్యాయం, ప్రింటు తీయించుకుని రెండుసార్లు చదివాను. పదకొండు పేజీలు. రెండోసారి ఎర్ర పెన్సిలు పట్టుకుని, నాలుగు, ఐదు అధ్యాయాల్లో ముందే చెప్పేసిన ప్రతి వాక్యం పక్కనా చిన్న గీత పెట్టుకుంటూ పోయాను. గీత పడకుండా మిగిలింది పేజీన్నర కూడా లేదు.

మీ నాయన పక్కనే కూర్చుని విత్తనానికి శనక్కాయలు ఒలుస్తున్నాడు. ఏం రాసిందో చదవమంటే కాయ దిగుబడి ఇంత, గింజ శాతం ఇంత అని వినిపించాను. అంతా విని, "అది సరే, నా కుంటలో ఒక్క తడికే నీళ్లుంటే పూత మీద పెట్టాల్నా, కాయ ఊరేటప్పుడు పెట్టాల్నా?" అన్నాడు. నువ్వు రెండు ఖరీఫ్‌లు ఎండలో తిరిగింది ఆ ప్రశ్న కోసమే కదా. జవాబు నీ దగ్గర ఉంది. కానీ అది నాలుగు టేబుళ్లలో తలో ముక్కగా పడి ఉంది, ఏరి చేతిలో పెట్టే వాక్యం ఒక్కటీ లేదు.

నా వైవాలో నేనూ ఇలాగే ఇరుక్కున్నాను. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ "మీ పని వల్ల కొత్తగా ఏం తెలిసింది?" అని అడిగితే నేను టేబుల్ నంబరు చెప్పాను. ఆయన పేజీ తిప్పి మళ్లీ అదే అడిగాడు. నేను ఇంకో టేబుల్ చెప్పాను. ముగింపు తిరగరాయమని పంపేశారు. కాబట్టి నీకు చెప్పే హక్కు నాకు కొంచెం ఉందనుకుంటా.

ముందు ఫలితాల అధ్యాయాలు మూసెయ్. ల్యాప్‌టాప్ కూడా. తెల్ల కాగితం మీద మీ నాయన ప్రశ్న రాసి, దాని కింద జవాబు రాయి. టేబుల్ చూడకుండా రాయగలిగిందే ముగింపులోకి వస్తుంది. పాత పేజీలను కత్తిరించి చిన్నవి చేద్దామనుకోకు. పదకొండు పేజీల ఫలితాలు నాలుగు పేజీల ఫలితాలు అవుతాయి, అంతే.

ఫలితానికీ, నీ పని వల్ల కొత్తగా చేరిన దానికీ తేడా నీ వాక్యంలోనే చూపిస్తాను. నువ్వు రాసింది: "కాయ ఊరే దశలో 20 మిల్లీమీటర్ల రక్షక తడి ఇచ్చిన మడుల్లో కాయ దిగుబడి, తడి ఇవ్వని మడుల కంటే 18 శాతం ఎక్కువగా నమోదైంది." ఇది ఫలితం, దీని ఇల్లు ఐదో అధ్యాయం. నేనైతే ఇలా రాస్తాను: "కాయ ఊరేటప్పటి బెట్ట శనక్కాయను ఎక్కువ దెబ్బ తీస్తుందని పరిశోధనా కేంద్రాల మడుల్లో ముందే తెలుసు. వాననీటి కుంటలో ఒకే తడికి నీళ్లున్న రైతు, ఎర్ర నేలలో, ఆ తడిని పూత దశలో వాడేయకుండా కాయ ఊరేదాకా దాచుకుంటే లాభమని ఈ పని రైతుల పొలాల్లోనే చూపింది." ముందు ఏం తెలుసో, నువ్వేం చేర్చావో, అది ఎక్కడ చెల్లుతుందో మూడూ అందులో ఉన్నాయి. అంకె ఒక్కటీ లేదు. ఇంగ్లీషులోకి నువ్వే మార్చుకో, నీ ఇంగ్లీషు నాకంటే మేలు. "నిరూపించింది" అని మాత్రం రాయొద్దు, రెండేళ్ల పంటతో ఆ మాట బరువు మోయలేం.

నువ్వు ఇలాంటివి తొమ్మిది అని లెక్క పెట్టావు. నాకు రెండే కనిపించాయి. ఒకటి పైన చెప్పింది. రెండోది నీళ్ల లెక్క. ఎకరాకు 20 మిల్లీమీటర్లంటే దాదాపు 81 వేల లీటర్లు. పూత నాటికి నిండిన కుంటలో ఇంకిపోగా, ఆవిరైపోగా కాయ ఊరే నాటికి ఎన్ని నీళ్లు మిగిలాయో నువ్వు కొలకర్ర పాతి వారం వారం చూశావు. దాచుకోమని సలహా ఇస్తే, దాచుకుంటే ఎంత పోతుందో కూడా చెప్పాలి కదా. ఆ రెండూ ఒకదానికొకటి ఆసరా. అయినా దాన్ని ఎనిమిదో పాయింటుగా ఎక్కడో కింద పడేశావు. మిగతా ఏడూ వీటిలో ముక్కలే.

పరిమితుల దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది. "సమయం, నిధుల కొరత వల్ల" అని మొదలుపెట్టావు. అది అందరికీ ఉండేదే, దానివల్ల నీ మాటల్లో ఏది బలహీనపడిందో చదివేవాడికి తెలీదు. నీ అసలు పరిమితి మూడో అధ్యాయంలో దాక్కుని ఉంది. కుంట ఉన్న రైతుల్నీ, లేని రైతుల్నీ పోల్చావు కదా. కుంట తవ్వించుకున్నవాళ్లకు నీ టేబుల్ ప్రకారమే పొలం ఎక్కువ, పశువులు ఎక్కువ. పశువులుంటే పెంట ఎరువు ఉంటుంది. అంటే వాళ్ల దిగుబడి పెరిగిందంతా నీళ్ల వల్లే అనలేం. ఆ పోలిక కుంట లాభాన్ని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపించి ఉండొచ్చు. ఆ మాట నువ్వే రాసెయ్, ఎగ్జామినర్ అడిగేదాకా ఆగొద్దు.

రాసిన వెంటనే ఇంకో వాక్యం రాయాలి. తడి ఎప్పుడు పెట్టాలన్న జవాబు ఈ పోలిక మీద ఆధారపడలేదు. అది ఒకే రైతు, ఒకే చేనులో పక్కపక్కనే వేసిన మడుల నుంచి వచ్చింది, పెంట ఎరువు రెండింటికీ ఒకటే. కాబట్టి ఈ లోపం నీ మొదటి మాటను తాకదు, కుంట వల్ల రైతుకు మొత్తం మీద ఎంత లాభమన్న మాటనే తాకుతుంది. ఏ పరిమితి రాసినా అది ఏ మాటను తాకుతుందో, ఎటువైపు లాగుతుందో, ఏది చెక్కు చెదరలేదో చెప్పు. ఈ పద్ధతిలో ఇంకో రెండు చాలు. రెండేళ్లూ బెట్ట కాయ ఊరే సెప్టెంబరులోనే వచ్చింది, పూత మీదే గట్టి బెట్ట పడితే ఏం చేయాలో నీ దగ్గర లేదు. నేలలన్నీ ఎర్రవే, తాడిపత్రి వైపు నల్లరేగడి రైతు నీ సలహా పట్టుకుపోకూడదు.

ఇవి సరిగ్గా రాస్తే తర్వాత చేయాల్సిన పని దానంతట అదే వస్తుంది. "వివిధ ప్రాంతాల్లో, వివిధ రకాలతో మరింత పరిశోధన" అన్న పేరా కొట్టేశాను. దాని బదులు, కుంట తవ్వకముందు రెండేళ్లు, తవ్విన తర్వాత రెండేళ్లు అదే రైతు దిగుబడి చూడాలి, ఆ ఏళ్లలోనే కుంట లేని పక్క రైతు దిగుబడి కూడా చూడాలి అని రాయి. వానల తేడా పక్క రైతు లెక్కలో తెలిసిపోతుంది. ఇంకొకరు రేపు మొదలుపెట్టేంత వివరంగా ఉండాలి. నువ్వు వేసింది కదిరి 6 రకం ఒక్కటే కాబట్టి కదిరి లేపాక్షి రకంతో అదే మడుల ప్రయోగం అన్నది రెండో వాక్యం. నువ్వే ఒక నెలలో చేయగలిగిన పని మాత్రం అక్కడ పెట్టొద్దు, "మరి ఎందుకు చేయలేదు?" అని అడుగుతారు. మట్టి తేమ లెక్కలు అలాంటివే, అవి చేసేసి ఐదో అధ్యాయంలో చేర్చు.

ఇంకొకటి. సారాంశంలో 18 శాతం అని ఉంది, ఆరో అధ్యాయం మూడో పేజీలో 16 అని ఉంది. ఐదో అధ్యాయంలో టేబుల్ మార్చినప్పుడు ఇక్కడ మార్చడం మర్చిపోయినట్టున్నావు. ఒకే అంకెను మూడు చోట్ల రాస్తే ఇదే వస్తుంది. ఏది సరైనదో చూసి ఫోన్ చెయ్, మీ నాయన అప్పుడే ఊళ్లో పద్దెనిమిది అని చెప్పేశాడు.

అమ్మ