టీఎస్‌హెచ్ ఒక్కసారి పెరిగితే జీవితాంతం మాత్రలా?

సంపాదకులకు నమస్కారం.

మా గుంటూరులో ఆదివారం వచ్చిందంటే ఏదో ఒక అపార్ట్‌మెంట్‌లోనో కల్యాణ మండపంలోనో ఉచిత రక్త పరీక్షల శిబిరం ఉంటోంది. షుగర్‌తో పాటు ఇప్పుడు థైరాయిడ్ కూడా చూస్తున్నారు. చూడటం మంచిదే. కానీ కాగితం మీద ఒక్క అంకె చూసి, అప్పటికప్పుడు మాత్రలు రాసిచ్చి జీవితాంతం వాడమనడం మాత్రం సరికాదు. ముప్పై ఏళ్లు ల్యాబ్‌లో ఈ పరీక్షలే చేసిన దాన్ని కాబట్టి ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

మా తోడికోడలికి 46 ఏళ్లు. పోయిన శ్రావణమాసంలో వాళ్ల అపార్ట్‌మెంట్‌లో పెట్టిన శిబిరంలో రక్తం ఇచ్చింది. సాయంత్రానికి ఫోన్‌కి రిపోర్టు వచ్చింది. టీ3, టీ4 రెండూ మామూలుగానే ఉన్నాయి. టీఎస్‌హెచ్ మాత్రం 7.2 అని ఎర్ర అక్షరాల్లో ఉంది, పక్కన పైకి చూపించే బాణం గుర్తు. ఆ ల్యాబ్ లెక్కలో 4.2 దాటితే ఎక్కువ. మర్నాడు ఆ శిబిరం పెట్టినవాళ్ల దగ్గరికి వెళ్లి అడిగితే 50 మైక్రోగ్రాముల థైరాక్సిన్ రాసి, ఇక మానకూడదన్నారట. ఆ మాత్రల సీసా పట్టుకుని నేరుగా మా ఇంటికొచ్చింది. "అక్కా, నాకు థైరాయిడ్ వచ్చేసింది" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆమెకు నేను చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోను థైరాక్సిన్, అంటే టీ4. టీఎస్‌హెచ్ ఆ గ్రంథిలో పుట్టదు. మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి దాన్ని పంపుతుంది, పని చేయమని థైరాయిడ్‌కి చెప్పడానికి. మన మిర్చి యార్డులో ముఠా మేస్త్రిని తలుచుకోండి. కూలీలు కాస్త నెమ్మదించగానే ఆయన గొంతు పెరుగుతుంది. ఆ కేకకి లారీ మాత్రం వేళకే నిండుతుంది. టీ4 అంటే లారీకెక్కిన టిక్కీలు, టీఎస్‌హెచ్ అంటే మేస్త్రి కేక. టీ4 ఏ మాత్రం తగ్గబోయినా పిట్యూటరీ ఇట్టే పసిగడుతుంది. టీ4 సగానికి పడిపోతే టీఎస్‌హెచ్ దాదాపు వంద రెట్లు పెరగగలదు. అందుకే టీ4 ఇంకా మామూలు హద్దుల్లో ఉండగానే టీఎస్‌హెచ్ ముందు పైకి లేస్తుంది.

ఇలా టీఎస్‌హెచ్ పెరిగి, టీ4 మామూలుగా ఉన్న స్థితిని డాక్టర్లు సబ్‌క్లినికల్ హైపోథైరాయిడిజం అంటారు. శరీరానికి హార్మోను అందుతూనే ఉంది, గ్రంథి మీద ఒత్తిడి మాత్రం కాస్త పెరిగిందని దాని అర్థం. అయితే ఆ ఒత్తిడి నిలిచి ఉండేదా, వచ్చి పోయేదా అన్నది ఒక్క రిపోర్టుతో తేలదు. రెండు మూడు నెలలు ఆగి మళ్లీ చూడాల్సిందే. కొద్దిగా పెరిగిన టీఎస్‌హెచ్ చాలామందిలో ఏ మందూ లేకుండానే కిందికి దిగుతుంది.

ఆమెను రెండు ప్రశ్నలు అడిగాను. రక్తం ఎన్నింటికి ఇచ్చావు? ఉదయం ఆరున్నరకట. టీఎస్‌హెచ్ రోజంతా ఒకేలా ఉండదు. అర్ధరాత్రి దాటాక బాగా ఎక్కువగా ఉండి, మధ్యాహ్నానికి తగ్గుతుంది. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఇంకోసారి చేయించి పోల్చుకుంటే ఏమీ అర్థం కాదు. రెండో ప్రశ్న, ఈమధ్య జబ్బు చేసిందా? అంతకు రెండు వారాల ముందే డెంగీతో ఐదు రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చింది! పెద్ద జబ్బు చేసినప్పుడు టీఎస్‌హెచ్ తగ్గుతుంది, కోలుకునేటప్పుడు హద్దు దాటి పెరిగి మళ్లీ సర్దుకుంటుంది. ఆ రోజుల్లో 20 దాకా కూడా పోవచ్చు. ఈ ప్రశ్న శిబిరంలో ఎవరూ అడగలేదు.

నేను డాక్టర్ని కాను. అందుకని ఆమెను ఒక ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన సీసా మూత తీయొద్దన్నారు. మూడు నెలల తర్వాత అదే ల్యాబ్‌లో, అదే వేళకి టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, థైరాయిడ్‌కి వ్యతిరేకంగా పుట్టే యాంటీబాడీలను చూసే యాంటీ టీపీఓ పరీక్ష చేయించమన్నారు. రక్తంలో టీ4 చాలా వరకు ప్రొటీన్లకి అంటుకుని తిరుగుతుంది. గర్భం వచ్చినా, గర్భనిరోధక మాత్రలు వాడినా ఆ ప్రొటీన్ పెరిగి మొత్తం టీ4 ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే విడిగా ఉన్న టీ4ని, అంటే ఫ్రీ టీ4ని చూడటం మేలు. కార్తీకమాసంలో రిపోర్టు వచ్చింది. టీఎస్‌హెచ్ 3.6, ఫ్రీ టీ4 మామూలు, యాంటీ టీపీఓ లేదు. ఆ సీసా సీలు తీయకుండా ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది.

అందరి కథా ఇలాగే ఉండదు. నాతో పనిచేసిన ఒకావిడ కూతురికి 31 ఏళ్లు. టీఎస్‌హెచ్ 13.8 వచ్చింది. రెండు నెలలాగి చూస్తే 14.6. ఫ్రీ టీ4 మామూలే, కానీ యాంటీ టీపీఓ బాగా ఎక్కువ. అంటే సొంత రోగనిరోధక శక్తే థైరాయిడ్ మీద దాడి చేస్తోందన్నమాట. టీఎస్‌హెచ్ పెరిగి ఈ యాంటీబాడీలు కూడా ఉన్న ఆడవాళ్లలో ఏటా వందకి సుమారు నలుగురికి పూర్తి స్థాయి హైపోథైరాయిడిజం వస్తుంది. పైగా ఆ అమ్మాయి పిల్లల కోసం చూస్తోంది. ఆమెకు మాత్ర మొదలుపెట్టారు, అదే సరైన పని. రెండుసార్లు చూసినా 10 దాటి ఉంటే సాధారణంగా డాక్టర్లు మందు ఇవ్వడానికే మొగ్గుతారు. గర్భిణుల విషయంలో హద్దులే వేరు, వాళ్లు మూడు నెలలు ఆగకూడదు.

పెద్దవాళ్ల గురించి నాకు ఎక్కువ బెంగ. వయసు పెరిగేకొద్దీ టీఎస్‌హెచ్ కొంచెం పెరగడం సహజం. యూరప్‌లో నాలుగు దేశాల్లో, 65 ఏళ్లు దాటి ఈ స్థితిలో ఉన్న 737 మందితో చేసిన అధ్యయనం 2017లో వెలువడింది. ఏడాది పాటు థైరాక్సిన్ వాడినవాళ్లకి నీరసం, ఇతర లక్షణాలు ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లకంటే ఏమీ తగ్గలేదు. అదే థైరాక్సిన్ మోతాదు ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి. శిబిరంలో మాత్ర రాసిచ్చాక ఆరు వారాలకి మళ్లీ పరీక్ష చేసి మోతాదు సరిచూసేదెవరు? శిబిరం ఆ ఆదివారంతోనే అయిపోతుంది కదా.

కాబట్టి ల్యాబుల వారిని కోరేదేమంటే, రిపోర్టు మీద రక్తం తీసిన సమయం స్పష్టంగా వేయండి. టీఎస్‌హెచ్ పెరిగితే అదే నమూనాలో ఫ్రీ టీ4 కూడా చూడండి. ఎర్ర అంకె కింద "రెండు మూడు నెలల్లో మళ్లీ పరీక్ష అవసరం, గర్భిణులు వెంటనే డాక్టర్ని కలవాలి" అని తెలుగులో ఒక్క వాక్యం ముద్రించండి. జుట్టు ఊడకుండా వాడే బయోటిన్ మాత్రలు కొన్ని యంత్రాల్లో ఈ ఫలితాలను తప్పుగా చూపిస్తాయి, టీఎస్‌హెచ్‌ని ఉన్నదానికంటే తక్కువ చేస్తాయి. రక్తం తీసే ముందు ఆ మాటా అడగండి. శిబిరాలు పెట్టేవారు మాత్రల సీసా బదులు డాక్టర్ని కలవమని చీటీ ఇచ్చేలా జిల్లా వైద్య ఆరోగ్య శాఖ సూచనలివ్వాలి.

ఇప్పటికే థైరాక్సిన్ వాడుతున్నవాళ్లు ఈ ఉత్తరం చదివి సొంతంగా మానేయొద్దు. మందు మొదలుపెట్టక ముందు చేయించిన మొదటి రిపోర్టు బీరువాలో వెతికి తీసి, ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి.

- విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
బ్రాడీపేట, గుంటూరు